స్టైపెండ్ పన్నెండు వేలా, సున్నానా: ఇంటర్న్‌షిప్ న్యాయమైనదో కాదో లెక్క చూసుకోవడం ఎలా

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్న ఒక విద్యార్థినికి రెండు అవకాశాలు వచ్చాయనుకుందాం. ఆమె ఇల్లు హనుమకొండలో ఉంది. మొదటిది హైదరాబాద్ మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఆరు నెలల టెస్టింగ్ ఇంటర్న్‌షిప్, నెలకు 12,000 రూపాయల స్టైపెండ్. రెండవది హనుమకొండలోనే దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చే చిన్న సంస్థలో మూడు నెలల ఇంటర్న్‌షిప్, స్టైపెండ్ లేదు. ఇంట్లో వాళ్లు, స్నేహితులు, కళాశాలలో మాలాంటి వాళ్లం కూడా వెంటనే మొదటిదాని వైపే మొగ్గుతాం. డబ్బు ఇచ్చేవాడు న్యాయంగా ఉన్నాడని, ఇవ్వనివాడు వెట్టి చేయించుకుంటున్నాడని మన అలవాటైన ఆలోచన. చాలాసార్లు అది నిజమే అవుతుంది. ఎప్పుడు నిజమవుతుందో, ఎప్పుడు కాదో తేల్చుకోవడానికి ఈ రెండు ఆఫర్లనే చివరి దాకా తూచి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి కాబట్టి వాటి స్థానంలో మీ అంకెలు వేసుకోండి.

మొదట: మీ ఇంటర్న్‌షిప్ ఏ కోవకు చెందుతుందో చూడండి

ఇంటర్న్ అనే మాట కింద చట్టరీత్యా వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి. మీ కాగితం మీద అప్రెంటిస్ అని ఉండి, ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఒప్పందం నమోదైతే మీకు 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం వర్తిస్తుంది. దాని నియమాలకు 2019లో చేసిన సవరణ డిగ్రీ పూర్తి చేసిన అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు ఇవ్వాలని చెప్పింది. 2024 అక్టోబరులో పైలట్‌గా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మరో కోవ. అందులో నెలకు 5,000 రూపాయలు ఇస్తామన్నారు. వాటిలో 4,500 ప్రభుత్వం నుంచి, 500 సంస్థ నుంచి వస్తాయన్నారు. చేరినప్పుడు ఒకసారి మరో 6,000 ఇస్తామన్నారు.

ఈ రెండింటిలోకీ రాని సాధారణ ఇంటర్న్‌షిప్‌కు, అంటే మనలో ఎక్కువ మంది చేసేదానికి, ఇంత స్టైపెండ్ ఇచ్చి తీరాలని చెప్పే ప్రత్యేక చట్టమేదీ లేదు. అందుకే ఇక్కడ న్యాయం, అన్యాయం అన్నవి చాలావరకు మీరు వేసుకునే లెక్క మీద, మీరు సంతకం చేసే కాగితం మీద ఆధారపడతాయి. పై రెండు మొత్తాలను కొలబద్దగా మాత్రం వాడుకోవచ్చు. పూర్తి సమయం పనిచేయించుకుని ఐదు వేలు కూడా ఇవ్వని సంస్థ, ఆ లోటును నేర్పడంలో ఎలా పూడుస్తుందో చెప్పగలగాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ విద్యార్థులకు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ తప్పనిసరి అన్న మాట బయటికి పొక్కిన చోట బేరం చేసే బలం విద్యార్థి చేతిలోంచి జారిపోతుంది. సర్టిఫికెట్ కోసం ఎలాగూ వస్తారని సంస్థకు తెలుసు. మీ ఇంటర్న్‌షిప్ కోర్సులో భాగమైతే ఆ సంగతిని మొదటి మాటలోనే బయటపెట్టకుండా, ముందు పని గురించి, నేర్పేవారి గురించి అడగడం మేలు.

రెండవ అడుగు: స్టైపెండ్‌ను చేతికి మిగిలే డబ్బుగా మార్చండి

ఆఫర్ లెటర్‌లో రాసిన స్టైపెండ్ మీకు మిగిలేది కాదు. మాదాపూర్ లెటర్‌ను నిదానంగా చదివితే మొదటి నెల శిక్షణ కాలమని, స్టైపెండ్ రెండవ నెల నుంచి మొదలవుతుందని రెండవ పేజీలో ఉంది. అంటే ఆరు నెలల పనికి ఐదు నెలల డబ్బు, మొత్తం 60,000. నెలకు సగటున 10,000. పన్నెండు వేలన్న మాట ఇక్కడే పది వేలయింది.

ఇప్పుడు ఖర్చు తీసేయాలి. ఈ ఇంటర్న్‌షిప్ లేకపోతే ఉండని ఖర్చును మాత్రమే లెక్కలోకి తీసుకోండి. మన విద్యార్థినికి భోజనంతో కలిపి ముగ్గురుండే గదిలో హాస్టల్ 7,500, బస్సు దిగిన చోటు నుంచి ఆఫీసుకు షేర్ ఆటో 900, ఫోను, బట్టలు ఉతికించుకోవడం వంటివి 600, మొత్తం 9,000 అవుతుందనుకుందాం. తెలంగాణ చిరునామాతో ఆధార్ ఉన్న అమ్మాయి కనుక 2023 డిసెంబరు నుంచి అమలులో ఉన్న మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆమెకు టికెట్ డబ్బు అక్కరలేదు. హనుమకొండ వెళ్లి రావడానికి ఎక్స్‌ప్రెస్ బస్సు కూడా ఉచితమే. ఇదే ఆఫర్ ఆమె క్లాసులోని అబ్బాయికి వస్తే ఛార్జీలు కూడా కలిపి, మిగులు ఇంకా తగ్గించుకోవాలి. ఒకే స్టైపెండ్ ఇద్దరికి ఒకే విలువ కాదు.

పది వేలలో తొమ్మిది వేలు పోతే నెలకు మిగిలేది వెయ్యి. దీనికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. దాన్ని చాలామంది చేరిన తర్వాత గాని గమనించరు. మొదటి నెల డబ్బు లేదు, రెండవ నెల డబ్బు ఆ నెల చివరనో, మూడవ నెల పదో తారీఖుకో వస్తుంది. ఈలోగా రెండు నెలల ఖర్చు 18,000, హాస్టల్ అడ్వాన్సు రెండు వేలు కలిపి సుమారు 20,000 రూపాయలు ఇంటి నుంచి తేవాలి. ఆ డబ్బు వడ్డీకి తేవలసిన కుటుంబానికి ఇది స్టైపెండ్ ఉన్న ఇంటర్న్‌షిప్‌లా ఉండదు. స్టైపెండ్ ఎంత అని అడిగేటప్పుడే మొదటి రూపాయి ఏ తేదీన ఖాతాలో పడుతుందో కూడా అడగండి. కొన్ని సంస్థలు పన్ను కింద కొంత కోసుకుని ఇస్తాయి. ఆదాయం పన్ను పరిమితికి లోపు ఉన్నవారు రిటర్ను వేసి దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు కనుక అది పోయిన డబ్బు కాదు, ఆలస్యంగా వచ్చే డబ్బు.

హనుమకొండ సంస్థ లెక్క చిన్నది. స్టైపెండ్ లేదు, ఇంట్లోనే ఉంటుంది, బస్సు ఉచితం. టీకి, ఏదైనా తినడానికి నెలకు ఐదు వందలు అవుతాయి. అంటే నెలకు 500 చేతి నుంచి పోతుంది.

మూడవ అడుగు: గంటలను ఉన్నవున్నట్టు లెక్కపెట్టండి

ఆఫీసు వేళలు లెటర్‌లో ఒకలా, ఆచరణలో మరోలా ఉంటాయి. మాదాపూర్ సంస్థ వేళలు ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర, వారానికి ఆరు రోజులు. భోజన విరామం పేరుతో గంట తీసేయకండి, ఆ గంటలో మీరు మరేం చేయగలరు? అందుచేత వారానికి 54 గంటలు. రాకపోకలకు రోజుకు గంటన్నర చొప్పున మరో 9. ఇక లెటర్‌లో లేని గంటలు మిగిలాయి. అక్కడ ఇంతకు ముందు పనిచేసిన ఇద్దరితో మాట్లాడండి. వాళ్లను వెతకడానికి సంస్థ పేరుతో లింక్డిన్‌లో చూసినా దొరుకుతారు, మీ సీనియర్లలోనూ ఉంటారు. వాళ్లను "ఎలా ఉంది" అని అడిగితే "బాగుంది" అంటారు, దానివల్ల ఉపయోగం లేదు. "అక్కడున్న చివరి వారం ఏ రోజు ఎన్ని గంటలకు బయటపడ్డారు" అని అడగండి. వారంలో రెండు రోజులు రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉండేవాళ్లమని వాళ్లు చెబితే మరో 4 గంటలు కలపాలి. మొత్తం వారానికి 67 గంటలు, నెలకు సుమారు 290.

హనుమకొండలో రోజుకు ఐదు గంటలు, వారానికి ఐదు రోజులు. రాకపోకలకు రోజుకు గంట. వారానికి 30 గంటలు, నెలకు 130.

నెలకు మిగిలిన వెయ్యిని 290 గంటలతో భాగిస్తే మాదాపూర్‌లో గంటకు దక్కేది మూడున్నర రూపాయలకు కొంచెం తక్కువ. హనుమకొండలో గంటకు దాదాపు నాలుగు రూపాయలు చేతి నుంచి పోతుంది. నెలల వారీగా పోల్చితే పన్నెండు వేలకూ సున్నాకూ మధ్య కొండంత తేడా కనబడింది. గంటల లెక్కలో అది ఏడెనిమిది రూపాయలకు దిగింది.

మొత్తం కాలానికి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మాదాపూర్‌లో ఆరు నెలలకు 1,740 గంటలు పెడితే 6,000 మిగులుతుంది. హనుమకొండలో మూడు నెలలకు 390 గంటలు పెడితే 1,500 ఖర్చవుతుంది. అంటే మొదటిదాన్ని ఎంచుకున్నందుకు ఆమె 1,350 గంటలు అదనంగా ఇచ్చి, 7,500 రూపాయలు అదనంగా పొందుతోంది. గంటకు ఐదున్నర రూపాయలు. స్టైపెండ్ ఉందన్న ఒక్క కారణంతో మొదటిదాన్ని ఎంచుకుంటే ఆ 1,350 గంటలను ఈ ధరకు అమ్మినట్టే. ఆ గంటలలో నేర్చుకునేది గట్టిగా ఉంటేనే ఆ ఎంపికకు అర్థం ఉంటుంది.

నాలుగవ అడుగు: నేర్చుకోవడాన్ని కూడా గంటలలోనే కొలవండి

ఈ అడుగు దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బు గురించి ఎవరూ పెద్ద అబద్ధం చెప్పలేరు గాని, నేర్పడం గురించి ఎంతైనా చెప్పవచ్చు. లైవ్ ప్రాజెక్టులు, ఇండస్ట్రీ ఎక్స్‌పోజర్ వంటి మాటలను పక్కన పెట్టి, ఒక మామూలు వారంలోని పని గంటలను మూడు కుప్పలుగా వేయండి. తెలిసినవారు మీ పక్కన కూర్చుని చూపించే గంటలు, లేదా మీరు చేసిన పనిని చదివి తప్పులు చెప్పే గంటలు ఒక కుప్ప. మీకు ఇంతవరకు రాని పనిని తంటాలు పడి చేసే గంటలు రెండవ కుప్ప. వచ్చిన పనినే మళ్లీ మళ్లీ చేసే గంటలు మూడవది. మొదటి రెండే నేర్చుకునే గంటలు. మూడవది పని. దానికి డబ్బు రావాలి.

మొదటి కుప్పను తెలుసుకోవడానికి ఇంటర్వ్యూలో ఒకే ప్రశ్న చాలు: "నా పనిని ఎవరు చూస్తారండీ, వారానికి ఎన్నిసార్లు?" జవాబులో ఒక మనిషి పేరు, ఒక రోజు, ఒక సమయం ఉంటే నమ్మవచ్చు. "మా టీం అంతా సపోర్ట్ చేస్తుంది" అంటే ఎవరూ చూడరని అర్థం. ఇంతకు ముందు ఇంటర్న్‌లు చేసిన పనిలో ఒకటి చూపించగలరా అని కూడా మర్యాదగా అడగండి. రహస్యమని చూపించలేకపోయినా, ఏం చేశారో నోటితో చెప్పగలగాలి.

మాదాపూర్‌లోని పాత ఇంటర్న్‌లు చెప్పినదాన్ని ఈ కుప్పలలో వేద్దాం. మొదటి నాలుగు వారాలు రికార్డు చేసిన వీడియోలు చూశారు. తర్వాత రెండు వారాలు అప్లికేషన్‌ను అర్థం చేసుకున్నారు. ఈ ఆరు వారాలలో వారానికి ఇరవై గంటలు నేర్చుకునేవే అనుకుంటే 120 గంటలు. ఆ తర్వాత ఎక్సెల్ షీటులో ఉన్న రెండు వందల టెస్ట్ కేసులను, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటిగా నడిపి పాసా, ఫెయిలా అని నింపడమే పని. మెంటర్‌తో వారానికి ఒకసారి అరగంట కాల్, అందులోనూ ఎన్ని నింపారన్న లెక్కే. మిగిలిన ఇరవై వారాలకు వారానికి రెండు గంటల చొప్పున ఉదారంగా 40 గంటలు కలిపినా మొత్తం 160. ఆమె ఇచ్చిన 1,740 గంటలలో పదో వంతు కూడా కాదు.

హనుమకొండ సంస్థలో యజమానే ప్రోగ్రామర్. వారానికి రెండుసార్లు గంట చొప్పున కూర్చుని ఇంటర్న్ రాసిన కోడ్ చూస్తారు. ఇచ్చే పని జీఎస్టీ రేట్ల వారీగా అమ్మకాల రిపోర్టు తయారుచేయడం. అది సరిగా వస్తుందో లేదో చూడటానికి వారానికి ఒకరోజు దుకాణాలకు వెళ్లి, బిల్లు ఎక్కడ తప్పుతోందో రాసుకురావాలి. వారానికి ఇరవై ఐదు గంటలలో పది గంటలు మామూలు పనే అనుకున్నా, పదిహేను గంటలు నేర్చుకునేవే. పదమూడు వారాలకు 195 గంటలు. సగం కాలంలో, నాలుగో వంతు కంటే తక్కువ గంటలలో ఎక్కువ నేర్పు దొరుకుతోంది.

టెస్టింగ్ తక్కువ పని అని దీనికి అర్థం కాదు. అదే మాదాపూర్ సంస్థ ఎనిమిదో వారం నుంచి ఆటోమేషన్ స్క్రిప్టులు రాయించి, వాటిని ఒక సీనియర్ చదివి దిద్దే ఏర్పాటు చేస్తే ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది.

ఐదవ అడుగు: మీరు లేకపోతే ఆ పని ఎవరు చేసేవారు?

స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్‌కు ఇదే అసలు పరీక్ష. అమెరికాలో జీతంలేని ఇంటర్న్‌ల గురించి 2015లో ఒక అప్పీలు న్యాయస్థానం తీర్పు చెబుతూ, ఈ ఏర్పాటులో ప్రధానంగా లాభపడుతున్నది ఎవరు, ఇంటర్నా, సంస్థా అన్న ప్రశ్నను ముందు పెట్టింది. అక్కడ ఉద్యోగి పనిని ఇంటర్న్ తానే చేసేసి ఉద్యోగి అవసరం లేకుండా చేస్తున్నాడా, లేక దానికి తోడుగా ఉంటూ నేర్చుకుంటున్నాడా అన్నది కూడా చూస్తారు. ఆ తీర్పు మనకు వర్తించదు గాని, ఆ ప్రశ్న వర్తిస్తుంది.

రేపటి నుంచి ఇంటర్న్ రాకపోతే సంస్థ ఎవరినైనా జీతానికి పెట్టుకోవలసి వస్తుందా? మాదాపూర్‌లో అవును, ఆ రెండు వందల కేసులు ఎవరో ఒకరు నడపాలి. ఒక ఇంటర్న్ వెళ్లగానే మరొకరు ఆ కుర్చీలో కూర్చుంటున్నారంటే అది ఉద్యోగమే, ఇంటర్న్‌షిప్ పేరుతో చవకగా నడుస్తోంది. హనుమకొండలో, ప్రస్తుతానికి, కాదు. ఆ రిపోర్టును యజమాని తానే రెండు వారాలలో రాసుకోగలరు. వారానికి రెండు గంటలు ఈమెకు ఇవ్వడం వల్ల ఆయన పని కొంత కుంటుపడుతుంది కూడా.

అయితే ఈ జవాబు మారిపోవచ్చు. రెండవ నెలలో దుకాణాల నుంచి వచ్చే ఫోన్లన్నీ ఆమెకే మళ్లించి, రోజంతా "అక్కా, బిల్లు రావట్లేదు" అన్న మాటలకు జవాబు చెప్పిస్తే అది ఉచిత కస్టమర్ సపోర్ట్ అవుతుంది. ఆ రోజు నుంచి స్టైపెండ్ అడగడం న్యాయం, ఇవ్వకపోతే మానేయడం కూడా న్యాయమే.

ఉద్యోగం ఇస్తామన్న మాటకు ఎంత విలువ కట్టాలి?

మాదాపూర్ సంస్థ "పనితీరు బాగుంటే ఉద్యోగంలోకి తీసుకుంటాం" అంటుంది. నిజంగా తీసుకుంటే పైన వేసిన లెక్కంతా పక్కకు పోతుంది, అందుకే దీన్ని విడిగా చూడాలి. పోయిన బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమందిని తీసుకున్నారు, ఎంత జీతానికి అన్న మూడు అంకెలు అడగండి. పదిమందిలో ఆరేడుగురిని తీసుకున్నట్టు పాత ఇంటర్న్‌లు కూడా చెబితే ఆరు నెలల విసుగును భరించడంలో తప్పులేదు. పదిమందిలో ఒకరైతే ఆ మాటను లెక్కలో సున్నాగా వేసుకోండి. ఆ ఒక్కరూ మీరే అవుతారని ఆశపడటం సహజమే, కానీ మిగతా తొమ్మిదిమందీ అదే ఆశతో చేరారు. అంకెలు చెప్పడానికి ఇష్టపడని సంస్థ విషయంలోనూ సున్నాయే వేయాలి.

ఆరవ అడుగు: ఒప్పుకునే ముందు అడిగి, రాయించుకోండి

లెక్క వేసిన తర్వాత రెండు చోట్లా మార్పులు అడగవచ్చు. మాదాపూర్ వారిని మొదటి నెల కూడా స్టైపెండ్ ఇవ్వమని, లేదా హాస్టల్ ఖర్చుకైనా సర్దమని, ఎనిమిదో వారం తర్వాత ఆటోమేషన్ పనిలోకి మార్చమని అడగాలి. మన పిల్లలు అడగడానికి జంకుతారు, ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమోనని. "సర్, మొదటి నెల హాస్టల్ ఖర్చు మా ఇంటికి భారం అవుతుంది. ఆ నెలకు కూడా ఎంతో కొంత ఇవ్వగలరా? రెండు నెలల తర్వాత ఏ పని ఇస్తారో లెటర్‌లో రాస్తే నేను ముందుగా చదువుకుని వస్తాను" అన్నంత మాటకు ఆఫర్ పోయిందంటే, ఆ గదిలో ఆరు నెలలు ఎలా గడిచేవో కూడా తెలిసినట్టే.

కాగితం మీద ఉండవలసినవి: మొదలయ్యే, ముగిసే తేదీలు, రోజువారీ వేళలు, స్టైపెండ్ ఎంత, ఏ తేదీన, మీ పని చూసే వ్యక్తి పేరు, మధ్యలో మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, చేసినంత కాలానికి సర్టిఫికెట్ ఇస్తారా. హనుమకొండ యజమాని లెటర్ ఇచ్చే అలవాటు లేని మనిషి అయితే, మీరు మాట్లాడుకున్నవన్నీ ఈమెయిల్ రాసి పంపి, "సరే" అన్న జవాబు తెప్పించుకోండి.

ఏ లెక్కా అక్కరలేకుండా తిరిగి వచ్చేయవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. శిక్షణ ఫీజనో, తిరిగి ఇచ్చే డిపాజిట్ అనో మీ దగ్గరే డబ్బు అడిగితే అది మీకు అమ్ముతున్న కోర్సు, ఇంటర్న్‌షిప్ కాదు. టెన్త్, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే ఇవ్వకండి, చూపించి వెంటనే తెచ్చుకోండి. మధ్యలో మానేస్తే ఇంత సొమ్ము కట్టాలన్న బాండు ఇంటర్న్‌కు పెట్టే సంస్థ, మీరు మానేయాలనుకుంటారని ముందే ఊహించిందన్నమాట.

చేరిన తర్వాత: మూడవ వారం చివర మళ్లీ తూచండి

ఎలాగూ కళాశాల లాగ్‌బుక్ నింపమంటుంది. దానితో పాటు మీ సొంతానికి ఒక నోటుబుక్కులో రోజూ సాయంత్రం మూడు వరుసలు రాయండి: ఈ రోజు ఏం చేశాను, దాన్ని ఎవరు చూశారు, ఇందులో నాకు కొత్తది ఏముంది. మూడవ వారం చివర ఆ పేజీలు తిరగేస్తే రెండవ వరుస ఖాళీగా ఉందా, మూడవ వరుసలో ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తోందా అన్నది తెలిసిపోతుంది. మొదటి వారంలో ఖాళీ ఉండటం మామూలే, లాగిన్ రావడానికే నాలుగు రోజులు పట్టే చోట్లు ఉన్నాయి. మూడవ వారంలోనూ ఖాళీగా ఉంటే ఆ నోటుబుక్కు తీసుకుని మెంటర్ దగ్గరకు వెళ్లి, ఫిర్యాదులా కాకుండా, "ఈ పని నాకు వచ్చేసింది, దీనితో పాటు వారానికి ఒక పూట ఫలానా పని నేర్చుకోనిస్తారా" అని ఒక నిర్దిష్టమైన పని పేరు చెప్పి అడగండి. రెండు వారాలు గడువు ఇవ్వండి.

అప్పటికీ మార్పు లేకపోతే కళాశాలలో ఇంటర్న్‌షిప్ చూసే అధ్యాపకుడికి ఆ పేజీలు చూపించండి. వేరే చోటికి మారితే చేసిన వారాలు క్రెడిట్లకు లెక్కకు వస్తాయో లేదో చేతిలో రాజీనామా ఉత్తరం పెట్టుకునే ముందే కనుక్కోండి. ఆ జవాబు దొరికాక, లెటర్‌లో రాసిన గడువు ప్రకారం ముందుగా ఈమెయిల్ పంపి, చేసిన తేదీలతో సర్టిఫికెట్ అడిగి, బాకీ ఉన్న స్టైపెండ్ మొత్తాన్ని అంకెలలో అదే ఈమెయిల్‌లో రాయండి.